మధ్యలో మానేసినవాళ్ళను లెక్కలోంచి తీసేయవచ్చా? ఇంటెన్షన్ టు ట్రీట్, పర్ ప్రోటోకాల్ విశ్లేషణలకు సమగ్ర మార్గదర్శి

క్లినికల్ ట్రయల్ మీద థీసిస్ రాస్తున్న పీజీ విద్యార్థులు విశ్లేషణ దగ్గరకొచ్చేసరికి తరచుగా ఒక ప్రశ్న వేస్తారు. "కొంతమంది మందు మధ్యలో మానేశారు సార్. అసలు వేసుకోనివాళ్ళకు మందు ఎలా పనిచేస్తుంది? వాళ్ళను పక్కన పెట్టి, సరిగ్గా వాడినవాళ్ళ మీదే లెక్క వేస్తే మందు అసలు సత్తా తెలుస్తుంది కదా?"

వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఆ పని చేసిన మరుక్షణం మీ చేతిలో ఉన్నది ర్యాండమైజ్డ్ ట్రయల్ కాకుండా పోవచ్చు. ఎందుకో మాటల్లో చెబితే అంతగా నాటదు, అంకెల్లో చూస్తే తెలుస్తుంది. అందుకే నిజంగా జరిగిన ఒక ట్రయల్ తీసుకుని, దాని అంకెలతోనే మూడు రకాల లెక్కలు వేసి చూద్దాం. కాగితం, పెన్ను పక్కన పెట్టుకుని చదివితే మంచిది.

ముందుగా: ర్యాండమైజేషన్ మనకు ఇచ్చేది ఏమిటి

రోగి ఏ గ్రూపులోకి వెళ్ళాలో డాక్టరూ నిర్ణయించడు, రోగీ నిర్ణయించడు. కంప్యూటర్ ఇచ్చిన యాదృచ్ఛిక వరుస నిర్ణయిస్తుంది. దానివల్ల వయసు, బీపీ, షుగరు లాంటి మనం కొలిచే విషయాలే కాదు, కొలవనివి కూడా రెండు గ్రూపుల్లో సగటున ఒకేలా సర్దుకుంటాయి. రోగికి ఓపిక ఎంత, ఇంట్లో చూసుకునేవాళ్ళు ఉన్నారా, జబ్బు లోపల ఎంత ముదిరింది లాంటివన్నీ అందులోకే వస్తాయి. చివర్లో ఫలితాల్లో తేడా కనిపిస్తే దానికి రెండే కారణాలు మిగులుతాయి: చికిత్స, లేదా కేవలం యాదృచ్ఛికత. రెండోదాన్ని గణాంక పరీక్షతో అంచనా వేయగలం కాబట్టి మొదటిదాని గురించి ధైర్యంగా మాట్లాడగలుగుతాం.

అయితే ఈ సమానత్వం *కేటాయించిన* గ్రూపుల మధ్యనే ఉంటుంది. కేటాయింపు జరిగిన తర్వాత ఎవరు మందు కొనసాగించారు, ఎవరు మానేశారు అన్నది లాటరీ నిర్ణయించలేదు. దాన్ని జబ్బు, దుష్ఫలితాలు, మనస్తత్వం, డాక్టరు సలహా నిర్ణయించాయి. ఇక్కడినుంచి చెప్పేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

మొదటి అడుగు: నాలుగు గళ్ళ పట్టిక గీయండి

మన ఉదాహరణ యూరోపియన్ కరోనరీ సర్జరీ స్టడీ. 1970లలో జరిగిన ఈ ట్రయల్ రెండేళ్ళ ఫలితాలు 1979లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. గుండె రక్తనాళాలు మూసుకుపోయి ఛాతీనొప్పితో బాధపడుతున్న, 65 ఏళ్ళలోపు మగవాళ్ళను రెండు గ్రూపులుగా విభజించారు. ఒక గ్రూపుకు బైపాస్ ఆపరేషన్, రెండో గ్రూపుకు మందులు. లెక్కలోకి వచ్చినవాళ్ళు 767 మంది.

అందరూ కేటాయించిన చికిత్సలోనే ఉండిపోలేదు. మందుల గ్రూపులో 50 మంది ఆపరేషన్ చేయించుకున్నారు. ఆపరేషన్ గ్రూపులో 26 మందికి ఆపరేషన్ జరగలేదు. ఏ ట్రయల్ అయినా సరే, విశ్లేషణకు ముందు ఇలాంటి పట్టిక వేసుకోవాలి. రెండేళ్ళలో మరణాలు ఇవి:

| కేటాయించినది | నిజంగా అందినది | మనుషులు | మరణాలు |
|---|---|---|---|
| మందులు | మందులు | 323 | 27 |
| మందులు | ఆపరేషన్ | 50 | 2 |
| ఆపరేషన్ | ఆపరేషన్ | 368 | 15 |
| ఆపరేషన్ | మందులు | 26 | 6 |

లెక్క మొదలుపెట్టకముందే ఈ పట్టికను కాసేపు చూడండి. రెండో వరుస, నాలుగో వరుస మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టండి. దారి మారినవాళ్ళు ఆ రెండు వరుసల్లోనే ఉన్నారు.

రెండో అడుగు: ఇంటెన్షన్ టు ట్రీట్ లెక్క

దీన్ని పొట్టిగా ఐటీటీ అంటారు. నియమం ఒక్కటే: ఎవరిని ఏ గ్రూపుకు కేటాయించారో వాళ్ళు చివరిదాకా ఆ గ్రూపు ఖాతాలోనే ఉంటారు. చికిత్స తీసుకున్నారా, మానేశారా, అటునుంచి ఇటు మారారా అన్నది పట్టించుకోం.

మందుల గ్రూపులో మొత్తం 373 మంది (323 + 50), మరణాలు 29 (27 + 2). అంటే 7.8 శాతం. ఆపరేషన్ గ్రూపులో 394 మంది (368 + 26), మరణాలు 21 (15 + 6). అంటే 5.3 శాతం. శాతాలను కుదించకముందు తీసివేస్తే తేడా 2.4 శాతం పాయింట్లు, పి విలువ 0.17. రెండేళ్ళ దగ్గర ఆపరేషన్ మరణాలను తగ్గిస్తుందని ఈ అంకెలతో గట్టిగా చెప్పలేం.

మూడో అడుగు: పర్ ప్రోటోకాల్, ఆ తర్వాత అందిన చికిత్స ప్రకారం

పర్ ప్రోటోకాల్ అంటే కేటాయించిన చికిత్సే తీసుకున్నవాళ్ళను ఉంచి, మిగతావాళ్ళను తీసేయడం. రెండో వరుస, నాలుగో వరుస కొట్టేయండి. మందులు: 323లో 27, అంటే 8.4 శాతం. ఆపరేషన్: 368లో 15, అంటే 4.1 శాతం. పి విలువ 0.019కి దిగిపోయింది.

మరో దారి, ఎవరికి ఏది అందిందో దాని ప్రకారం గ్రూపులను మళ్ళీ కట్టడం. ఆపరేషన్ అందని 349 మందిలో 33 మరణాలు, 9.5 శాతం. ఆపరేషన్ అందిన 418 మందిలో 17, 4.1 శాతం. పి విలువ 0.003.

ఆర్ సాఫ్ట్‌వేర్ ఉంటే మూడూ మీరే సరిచూసుకోవచ్చు:

```r
prop.test(c(29, 21), c(373, 394), correct = FALSE)  # ITT
prop.test(c(27, 15), c(323, 368), correct = FALSE)  # per-protocol
prop.test(c(33, 17), c(349, 418), correct = FALSE)  # as-treated
```

అవే మరణాలు, అదే ట్రయల్. ఎవరిని ఏ ఖాతాలో రాశామన్న దాన్నిబట్టి "చెప్పలేం" అన్న జవాబు "ఆపరేషన్ స్పష్టంగా మేలు" అయిపోయింది. తరువాతి సంవత్సరాల్లో కొన్ని రకాల రోగుల్లో బైపాస్ ప్రాణాలు కాపాడుతుందని వేరే ఆధారాలతో తేలింది, అది వేరే సంగతి. ఈ అంకెలతో, ఆ రోజున, ఆ మాట అనడానికి హక్కు ఉందా అన్నదే ఇక్కడి ప్రశ్న.

నాలుగో అడుగు: తేడా ఎక్కడినుంచి పుట్టిందో వెతకండి

చాలామంది వదిలేసే అడుగు ఇదే. తీసేసినవాళ్ళలో మరణాల శాతం విడిగా లెక్కవేయండి.

మందుల గ్రూపులోంచి ఆపరేషన్‌కు మారిన 50 మందిలో చనిపోయింది ఇద్దరే, 4 శాతం. ఆపరేషన్ కేటాయించినా జరగని 26 మందిలో ఆరుగురు పోయారు, 23 శాతం. పర్ ప్రోటోకాల్ లెక్క మందుల గ్రూపులోంచి తక్కువ మరణాలున్న ముక్కను తీసేసింది. అందుకే ఆ గ్రూపు 7.8 నుంచి 8.4కి పెరిగింది. ఆపరేషన్ గ్రూపులోంచి ఎక్కువ మరణాలున్న ముక్కను తీసేసింది. అందుకే అది 5.3 నుంచి 4.1కి తగ్గింది. రెండు కోతలూ ఆపరేషన్‌కే అనుకూలంగా పడ్డాయి.

ఇది కేవలం దురదృష్టం కాదు, దీని వెనుక ఒక యాంత్రిక కారణం ఉంటుంది. మందుల గ్రూపులో పడ్డ రోగి తర్వాత ఆపరేషన్ చేయించుకోవాలంటే ఆ రోజు దాకా బతికి ఉండాలి, కత్తి కిందకు వెళ్ళగలిగేంత ఆరోగ్యమూ ఉండాలి. అంటే ఆ 50 మంది ఒక వడపోత దాటి వచ్చినవాళ్ళు. ఆపరేషన్ గ్రూపు సంగతి దీనికి తిరగేసి చూడాలి. తేదీ రాకముందే ఎవరైనా చనిపోతే, లేదా తట్టుకోలేనంత నీరసించిపోతే, వాళ్ళు "ఆపరేషన్ జరగనివాళ్ళు" అవుతారు. వాళ్ళను తీసేస్తే ఆపరేషన్ వ్యూహంలో భాగమైన నిరీక్షణ కాలపు మరణాలు మాయమైపోతాయి. అందిన చికిత్స ప్రకారం లెక్కవేస్తే ఇంకా అన్యాయం. ఆ మరణాలు ఏకంగా మందుల ఖాతాలో పడతాయి.

మీ డేటాలోనూ ఇదే పని చేయండి. ప్రతి డ్రాపవుట్ పక్కన కారణం, తేదీ, అప్పటికి రోగి పరిస్థితి రాసి, గ్రూపులవారీగా పక్కపక్కన పెట్టి చూడండి. రెండు వైపులా సమాన సంఖ్యలో మానేశారు కదా అని నిశ్చింతగా ఉండకూడదు. మందు వైపు పదిమంది వాంతులు తట్టుకోలేక మానేసి, ప్లాసిబో వైపు పదిమంది నయమైపోయిందని రావడం మానేస్తే, సంఖ్య సమానమే గానీ మిగిలిన గ్రూపులు సమానం కావు.

"బేస్‌లైన్‌తో సరిచేస్తాం" అనేవాళ్ళకు

ఇక్కడ ఒక తెలివైన అభ్యంతరం వస్తుంది. తీసేసిన తర్వాత గ్రూపులు అసమానమైతే వయసు, బీపీ, ధూమపానం లాంటివాటికి గణాంక పద్ధతిలో సర్దుబాటు చేయవచ్చు కదా అని. దీనికి జవాబు కరోనరీ డ్రగ్ ప్రాజెక్ట్‌లో ఉంది. నా దృష్టిలో ట్రయల్స్ గురించి చదివే ప్రతి ఒక్కరికీ మొదటి నెలలోనే చూపించాల్సిన ఫలితం ఇది.

ఒకసారి గుండెపోటు వచ్చిన మగవాళ్ళకు కొలెస్ట్రాల్ తగ్గించే మందులు ఇచ్చి, ప్లాసిబోతో పోల్చిన అమెరికా ట్రయల్ అది. ఆ మందుల్లో ఒకటి క్లోఫైబ్రేట్. ఐదేళ్ళలో మరణాలు క్లోఫైబ్రేట్ గ్రూపులో 20.0 శాతం, ప్లాసిబో గ్రూపులో 20.9 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదు. "మందు సరిగ్గా వేసుకోనివాళ్ళే ఫలితాన్ని చెడగొట్టి ఉంటారు" అన్న అనుమానం సహజం. అందుకని క్లోఫైబ్రేట్ గ్రూపును రెండుగా చీల్చి చూస్తే, ఇచ్చిన మోతాదులో 80 శాతం లేదా అంతకంటే ఎక్కువ వేసుకున్నవాళ్ళలో మరణాలు 15.0 శాతం, తక్కువ వేసుకున్నవాళ్ళలో 24.6 శాతం.

ఇంతవరకే చూస్తే మందు బ్రహ్మాండంగా పనిచేసినట్టే. అయితే పరిశోధకులు ప్లాసిబో గ్రూపునూ అలాగే చీల్చారు. ప్లాసిబో గుళికలను క్రమం తప్పకుండా వేసుకున్నవాళ్ళలో మరణాలు 15.1 శాతం. సరిగ్గా వేసుకోనివాళ్ళలో 28.2 శాతం. మందే లేని గుళికలు ప్రాణం కాపాడలేవు. గుళికలు క్రమంగా వేసుకునే *మనిషి* వేరే రకం మనిషి. బహుశా మిగతా జాగ్రత్తలూ పాటిస్తాడు, లేదా మొదటినుంచీ కాస్త ఆరోగ్యంగా ఉన్నాడు. జబ్బు ముదిరినవాడు మాత్రలు మానేయడం కూడా మామూలే.

1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన ఈ విశ్లేషణలో 40 బేస్‌లైన్ అంశాలకు సర్దుబాటు చేశారు. అయినా ప్లాసిబో గ్రూపులో 16.4 శాతం, 25.8 శాతం మధ్య అగాధం అలాగే ఉండిపోయింది. ఆ రోజుల్లో గుండెజబ్బు గురించి తెలిసిన ముఖ్యమైన విషయాలన్నీ ఆ నలభైలో ఉన్నా, ఆ తేడాను పుట్టించినది ఆ జాబితాలో లేదు. లాటరీ మాత్రమే దాన్ని సర్దగలిగింది. మనం తీసేస్తే తిరిగి సర్దడం ఆ నలభై అంశాల వల్ల కూడా కాలేదు.

"వాళ్ళు అసలు అర్హులే కాదు" అన్న వాదన

డ్రాపవుట్లను కాకుండా, పొరపాటున చేర్చుకున్నవాళ్ళను తీసేస్తే? చేర్చుకోవడానికి ముందే తీసుకున్న రక్తపరీక్షలో అనర్హుడని ఉంది, ఫలితం మాత్రం తర్వాత వచ్చింది అనుకుందాం. ఆ నియమాన్ని రెండు గ్రూపులకూ ఒకేలా, ఎవరు ఏ గ్రూపో తెలియని వ్యక్తి అమలు చేస్తే తీసేయడంలో పెద్ద హాని లేదు. ఎందుకంటే ఆ సమాచారం కేటాయింపుకు ముందుది, చికిత్స దాన్ని మార్చలేదు. కానీ ఫలితాలు వస్తుండగా కూర్చుని "ఇతను అర్హుడా" అని వెతికితే కథ మారిపోతుంది.

గుండెపోటు తర్వాత సల్ఫిన్‌పైరజోన్ ఇచ్చి చూసిన ఆంటురేన్ ట్రయల్‌లో జరిగింది అదే. 1,629 మందిలో 71 మందిని అనర్హులని తీసేశారు. మందు గ్రూపులోంచి తీసేసిన 38 మందిలో 10 మంది చనిపోయినవాళ్ళు, ప్లాసిబో గ్రూపులోంచి తీసేసిన 33 మందిలో నలుగురు. అందరినీ కలిపితే మరణాలు మందు వైపు 813లో 74, ప్లాసిబో వైపు 816లో 89. తీసేశాక 775లో 64, 783లో 85. కోత వల్ల తేడా పెరిగింది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిపుణులు 1980లో దీన్నీ, మరణ కారణాల వర్గీకరణలోని లోపాలనూ ఎత్తిచూపారు. గుండెపోటు తర్వాత మరణాలు తగ్గించడానికి ఆ మందుకు అనుమతి దక్కలేదు. 71 మంది అంటే మొత్తంలో 5 శాతం కూడా కాదు. తక్కువమందినే తీసేశాం అన్నది సమర్థన కాదనడానికి ఇది చాలు.

ఐదో అడుగు: మందు మానేసినవాళ్ళు వేరు, కనిపించకుండా పోయినవాళ్ళు వేరు

డ్రాపవుట్ అన్న ఒకే మాట కింద రెండు సంగతులు కలిసిపోతాయి. మందు మానేసినా ఫోన్ ఎత్తే మనిషి ఉన్నాడు. అతని ఫలితం మనకు తెలుస్తుంది, కాబట్టి ఐటీటీలో ఇబ్బంది లేదు. అసలు ఆచూకీ లేని మనిషి ఫలితం తెలియదు. అక్కడ ఐటీటీ అని పేరు పెట్టుకున్నంత మాత్రాన ఆ ఖాళీ నిండదు.

కాబట్టి అసలు పని విశ్లేషణ గదిలో కాదు, ఫాలో అప్ రిజిస్టరు దగ్గర మొదలవుతుంది. మందు ఆపినా విజిట్లు ఆపకూడదని ప్రోటోకాల్‌లోనే రాయండి. సమ్మతి పత్రం తీసుకునేటప్పుడే "మీరు మందు మానేసినా మేము ఫోన్ చేసి మీ ఆరోగ్యం అడగవచ్చా?" అన్న ప్రశ్న విడిగా పెట్టండి. రోగి నంబరుతోపాటు ఇంట్లో ఇంకొకరి నంబరు, కూలిపనికి వలస వెళ్ళేవాళ్ళయితే సొంతవూరి వివరం తీసుకోండి.

అయినా కొన్ని ఖాళీలు మిగులుతాయి. చివరిసారి కనిపించినప్పటి విలువనే ముందుకు లాగి నింపడం పాత అలవాటు. రోగి పరిస్థితి ఆ రోజే గడ్డకట్టి ఆగిపోయిందని అనుకోవడం అది. మానుకోవడం మంచిది. తెలిసిన సమాచారం ఆధారంగా ఖాళీలను చాలాసార్లు వేర్వేరు విలువలతో నింపి, ఆ ఫలితాలను కలిపే మల్టిపుల్ ఇంప్యుటేషన్ మెరుగు. కానీ అది కూడా, తెలిసిన సమాచారాన్ని లెక్కలోకి తీసుకున్నాక తప్పిపోయినవాళ్ళు మిగతావాళ్ళలాంటివాళ్ళే అన్న ఊహ మీదే నిలబడుతుంది. అందుకే ఊహను మార్చి మార్చి చూడాలి.

ఒక కల్పిత ఉదాహరణతో చేసి చూద్దాం. గ్రూపుకు వంద మంది. మందు వైపు 12 మంది ఆచూకీ లేదు, మిగిలిన 88లో 44 మందికి నయమైంది, సరిగ్గా సగం. ప్లాసిబో వైపు నలుగురి ఆచూకీ లేదు, మిగిలిన 96లో 40 మందికి నయమైంది, 42 శాతం. తెలిసినవాళ్ళనే చూస్తే మందుకు 8 పాయింట్ల ఆధిక్యం. తప్పిపోయినవాళ్ళెవరికీ నయం కాలేదనుకుంటే వందకు 44, వందకు 40. మందు వైపు ఎవరికీ కాలేదు, ప్లాసిబో వైపు నలుగురికీ అయింది అనుకుంటే 44, 44. ఆధిక్యం పోయింది. దీనికి తలకిందులుగా ఊహిస్తే 56, 40. తెలియనివాళ్ళ సంగతి ఫలితాన్ని ఎంత దూరం లాగగలదో ఈ హద్దులు చెబుతాయి. రెండు హద్దుల మధ్య మీ నిర్ధారణ మారకపోతే నిశ్చింత. మారితే ఆ మాట థీసిస్‌లో రాయాలి.

మరి పర్ ప్రోటోకాల్ ఎప్పుడు పనికొస్తుంది?

దాన్ని అంటరానిదిగా చూడక్కర్లేదు. రెండు సందర్భాల్లో అవసరం పడుతుంది.

మొదటిది, కొత్త మందు పాతదానికి తీసిపోదని చూపించే ట్రయల్స్. ఇక్కడ కోరుకునే ఫలితమే "తేడా లేదు". రెండు వైపులా జనం మందులు సరిగ్గా వేసుకోకపోతే రెండు గ్రూపులూ ఒకేలా కనిపిస్తాయి. ఐటీటీ ఆ నిర్లక్ష్యానికి బహుమతి ఇచ్చినట్టవుతుంది. మందుల ట్రయల్స్‌లో గణాంక పద్ధతుల గురించి అంతర్జాతీయంగా పాటించే 1998 నాటి ఐసీహెచ్ ఈ9 మార్గదర్శకం కూడా ఇలాంటి ట్రయల్స్‌లో అందరినీ కలుపుకునే విశ్లేషణ సాధారణంగా జాగ్రత్త వైపు మొగ్గదని హెచ్చరిస్తుంది. ఇక్కడ రెండూ చేసి, రెండూ ఒకే మాట చెబుతున్నాయా అని చూడాలి. చెప్పకపోతే పర్ ప్రోటోకాల్‌ను నమ్మేయడం పరిష్కారం కాదు. దాని పక్షపాతం దానికి ఉంది.

రెండోది, రోగి అడిగే ప్రశ్న. "నేను మానకుండా వాడితే నాకెంత మేలు?" ఐటీటీ దీనికి జవాబు చెప్పదు. అది "ఈ చికిత్స రాసిస్తే, జనం వాడినంత వాడితే, సగటున ఎంత మేలు" అన్న ప్రశ్నకు జవాబు. చాలామంది మానేసిన ట్రయల్‌లో ఐటీటీ చూపించే మేలు, మందు అసలు శక్తికన్నా తక్కువగా ఉంటుంది. దుష్ఫలితాలనూ అలాగే తక్కువ చేసి చూపించగలదు. రోగి ప్రశ్నకు జవాబు కావాలంటే మానేసినవాళ్ళను కొట్టేయడం చాలదు. ఎవరు ఎందుకు మానేశారో చెప్పగల అంశాలను ట్రయల్ పొడవునా, ప్రతి విజిట్‌లో కొలిచి ఉండాలి. మానేసినవాళ్ళలాంటివాళ్ళు కొనసాగించినవాళ్ళలో ఎవరున్నారో వాళ్ళకు ఎక్కువ బరువు ఇచ్చే పద్ధతులు అప్పుడు వాడవచ్చు. అది కూడా పరిశీలనాత్మక అధ్యయనం స్థాయి ఆధారమేనని ఒప్పుకుని వాడాలి. ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నామో ముందే రాసుకోమని 2019లో వచ్చిన ఈ9 అనుబంధం అడుగుతున్నది ఇందుకే.

ఆరో అడుగు: వేరొకరి పేపర్ చేతికొస్తే

నేను మొదట చూసేది సారాంశం కాదు, రోగుల ప్రవాహ చిత్రం. ర్యాండమైజ్ చేసినవాళ్ళ సంఖ్యను ఒక మూల రాసుకుని, ఫలితాల పట్టికలో హారంలో ఉన్న సంఖ్యతో పోల్చండి. 120 మందిని కేటాయించి, పట్టికలో 104 మందే ఉంటే, ఆ 16 మంది ఎటు వెళ్ళారో పేపర్ చెప్పాలి. గ్రూపుకు ఎందరు, ఎప్పుడు, ఎందుకు అన్నవి మూడూ ఉండాలి. "ఐటీటీ చేశాం" అన్న వాక్యాన్ని నమ్మి ఊరుకోకండి. "మాడిఫైడ్ ఐటీటీ" అన్న మాట కనిపిస్తే ఇంకాస్త ఆగి, ఆ మార్పు ఏమిటో చదవండి. "కనీసం ఒక్క డోసైనా వేసుకున్నవాళ్ళు" అంటే, ఎవరికి ఏ మందో తెలియని డబుల్ బ్లైండ్ ట్రయల్‌లో తరచుగా ఇబ్బంది ఉండదు. అందరికీ తెలిసిన ట్రయల్‌లో, ఏ గ్రూపో విని వెనక్కి తగ్గినవాళ్ళు ఒక వైపే ఎక్కువగా ఉండవచ్చు. "కనీసం ఒక ఫాలో అప్‌కు వచ్చినవాళ్ళు" అంటే అది ఏ ట్రయల్‌లోనైనా వడపోతే.

మన దేశంలో జరిగిన ట్రయల్ అయితే రిజిస్ట్రేషన్ నంబరు పట్టుకుని సీటీఆర్‌ఐ వెబ్‌సైట్‌లో వెతకండి. 2009 జూన్ 15 నుంచి మన దేశంలో ట్రయల్స్ అక్కడ నమోదు చేయడం తప్పనిసరి. మొదట అనుకున్న రోగుల సంఖ్య, ప్రధాన ఫలితం అక్కడ ఉంటాయి. పేపర్‌లో ఉన్నవి వాటితో సరిపోలుతున్నాయో లేదో ఐదు నిమిషాల్లో తేలుతుంది.

ఆ తర్వాత నాలుగు గళ్ళ పట్టిక వేయడానికి పేపర్‌లో అంకెలు చాలుతాయా చూడండి. చాలితే మూడు లెక్కలూ మీరే వేయండి. చాలకపోతే, తీసేసినవాళ్ళ ఫలితాలు అడుగుతూ రచయితలకు ఈమెయిల్ రాయండి. ఆ అంకె వచ్చేదాకా పేపర్ చెప్పిన మేలును మీ రివ్యూలో నిర్ధారణగా రాయకండి.